తొలి గంటల కామెంట్లు చెప్పేదెంత?

వీడియో పెట్టిన మొదటి రెండు మూడు గంటల్లో పడిన కామెంట్లకూ, నెల తిరిగేసరికి దానికి వచ్చే వ్యూస్‌కూ పొంతన ఉంటుంది. మొదట్లో సందడిగా ఉన్నవే చాలాసార్లు ఎక్కువమందికి చేరతాయి. తొలి స్పందన చూసి తర్వాతి ఆదరణను అంచనా వేయవచ్చని అమెరికాలోని హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకులు గాబోర్ సాబో, బెర్నార్డో హ్యూబర్‌మన్ చూపించారు. వాళ్లు లెక్కపెట్టినవి కామెంట్లు కావు. వార్తల లింకులు పంచుకునే డిగ్ సైట్‌లో ఓట్లు, యూట్యూబ్‌లో వ్యూస్. 30 రోజుల తర్వాతి సంగతి చెప్పడానికి డిగ్‌లో మొదటి 2 గంటలు చాలాయి. అదే పాటి కచ్చితత్వం రావడానికి యూట్యూబ్‌లో 10 రోజులు ఆగాల్సి వచ్చింది. వార్త పొద్దున పుట్టి సాయంత్రానికి పాతబడుతుంది, వీడియోను జనం నెలల తరబడి వెతుక్కుని చూస్తుంటారు.

అంచనాకు పనికొచ్చినంత మాత్రాన కామెంట్లే వీడియోను ముందుకు నెట్టాయని కాదు. తికమక అంతా ఇక్కడే మొదలవుతుంది.

రెండు వంటల ఛానెళ్లు ఉన్నాయనుకుందాం. అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. పెద్ద ఛానెల్‌కు 2 లక్షల మంది సబ్‌స్క్రైబర్లు. ఆవకాయ వీడియో పెట్టిన 3 గంటల్లో 4,000 వ్యూస్, 80 కామెంట్లు వచ్చాయి. నెలకు వ్యూస్ 60,000. చిన్న ఛానెల్‌కు 5,000 మంది. అదే ఆవకాయకు 3 గంటల్లో 100 వ్యూస్, 2 కామెంట్లు, నెలకు 1,500 వ్యూస్. కామెంట్లలో తేడా 40 రెట్లు, వ్యూస్‌లోనూ 40 రెట్లే. చూడగానే కామెంట్ల మహిమ అనిపిస్తుంది. కానీ రెండు చోట్లా చూసిన ప్రతి వందమందిలో కామెంట్ పెట్టింది ఇద్దరే. అటు కామెంట్లనూ ఇటు వ్యూస్‌నూ పెంచింది ఛానెల్ సైజు. ఇలాంటి వందల ఛానెళ్లను కలిపి గ్రాఫ్ గీస్తే చుక్కలన్నీ చక్కగా ఒక గీత మీదే పడతాయి. ఆ గీత చెప్పేది ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న సంగతే.

అందుకే ఒకే ఛానెల్ వీడియోలను వాటిలో వాటికే పోల్చి చూడాలి. పెద్ద ఛానెల్‌లో మామూలుగా 70, 80 కామెంట్లు వచ్చేచోట ఒక వీడియోకు 140 వచ్చాయనుకుందాం. తెరిచి చూస్తే ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అని పాతికమంది పట్టుకుని వాదించుకుంటున్నారు. ఒక్కొక్కరివి ఐదారు జవాబులు. కామెంట్లు రెట్టింపయ్యాయి, మనుషులు పెరగలేదు. నెలాఖరుకు ఆ వీడియో మిగతావాటికంటే వెనకబడినా ఆశ్చర్యం లేదు. ఎన్ని కామెంట్లు అన్నదానికంటే ఎంతమంది పెట్టారన్నది చూడటం నయం.

లెక్కలోనే ఇంకో మెలిక ఉంది. నెల మొత్తం వ్యూస్‌లో మొదటి 3 గంటలవీ కలిసే ఉంటాయి. కామెంట్లు పుట్టింది ఆ వ్యూస్ నుంచే. అలాంటప్పుడు కొంత పొంతన దానంతట అదే వచ్చేస్తుంది. తొలి గంటల వ్యూస్‌ను తీసేసి మిగిలినదానితో పోల్చితేనే అసలు బలం తెలుస్తుంది.

తొలి స్పందనకు సొంత ప్రభావమే లేదనడమూ తప్పే. లెవ్ ముచ్నిక్, సినాన్ ఆరల్, షాన్ టేలర్ 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక వార్తల సైట్‌లో లక్షకు పైగా కామెంట్లలో కొన్నింటిని యాదృచ్ఛికంగా ఎంచి, పుట్టగానే వాటికి ఒక అనుకూల ఓటు వేశారు. చివరికి వాటి రేటింగ్ సగటున 25 శాతం పెరిగింది. ఎంపిక లాటరీ లాంటిది కాబట్టి, అవి ముందే మంచివన్న అనుమానానికి తావు లేదు. అయితే అక్కడ పెరిగింది మార్కులు. ఎంతమందికి చేరిందన్న ప్రశ్న వేరే.

ఛానెల్ నడిపేవాళ్లు దొర్లే గుంట మరొకటి. వీడియో పెట్టగానే బంధువుల వాట్సాప్ గ్రూపులో లింకు వేసి ‘సూపర్’ అని నలభై కామెంట్లు పెట్టిస్తారు. మామూలుగా 12 వచ్చేచోట 52 కనిపిస్తాయి, వ్యూస్ ఉన్నచోటే ఉంటాయి. ముక్కూమొహం తెలియనివాళ్లకు నచ్చిందన్న సంగతికి గుర్తుగా ఉన్నంతవరకే కామెంట్‌కు విలువ. అడిగి తెప్పించుకుంటే ఆ గుర్తు చెరిగిపోతుంది. ప్రశ్న అడిగి కామెంట్లు రాబట్టడం నిజంగా పనిచేస్తుందా అని తేల్చుకోవాలంటే వచ్చే 40 వీడియోలకు ఒక్కోదానికి నాణెం ఎగరేయాలి. బొమ్మ పడితే ప్రశ్న పిన్ చేయాలి, బొరుసు పడితే వదిలేయాలి. పోల్చేటప్పుడు సగటు కాకుండా మధ్యస్థం తీయాలి, లేకపోతే అనుకోకుండా వైరల్ అయిన ఒక్క వీడియో లెక్కంతా లాగేస్తుంది.

ఆషాఢంలో పెట్టిన ఉండ్రాళ్ల వీడియోకు మొదటి రోజు మూడు కామెంట్లు కూడా రాకపోవచ్చు. వినాయక చవితి ముందు రోజు సాయంత్రం పిండి కొలత కోసం వెతికేవాళ్లు దాన్ని తెరుస్తారు. చూస్తారు, స్టవ్ వెలిగిస్తారు, కామెంట్ మాత్రం పెట్టరు.