లిక్విడేషన్‌కి ఎంత దూరంలో ఉన్నాం?

2025 అక్టోబర్ 10న చైనా సరుకులపై అదనంగా 100 శాతం సుంకం వేస్తామని ట్రంప్ ప్రకటించాక క్రిప్టో ధరలు కుప్పకూలాయి. ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా విలువైన అప్పు పొజిషన్లను ఎక్స్ఛేంజీలు బలవంతంగా మూసేశాయి. పతనం తీవ్రంగా ఉన్న గంటలో మన దగ్గర అర్ధరాత్రి దాటి, ఇంకా తెల్లవారలేదు. ఆ వేళకి యాప్ పంపే హెచ్చరిక ఎవరు చూస్తారు? చూసినా, అప్పటికి ఏమైనా చేసే వ్యవధి ఉంటుందా?

లెక్కతో చూద్దాం. బిట్‌కాయిన్ 60,000 డాలర్ల దగ్గర ఉన్నప్పుడు ఒకరు పది రెట్ల లెవరేజ్‌తో 0.1 బిట్‌కాయిన్ కొన్నారనుకోండి. పొజిషన్ విలువ 6,000 డాలర్లు, అందులో సొంత డబ్బు, అంటే మార్జిన్, 600. ఈ పొజిషన్‌కి ఇంకే డబ్బూ జోడించలేదు. పొజిషన్ విలువలో కనీసం ఇంత మిగిలి ఉండాలని ఎక్స్ఛేంజీ పెట్టే షరతు మెయింటెనెన్స్ మార్జిన్. దాన్ని అర శాతం అనుకుందాం. ధర పడేకొద్దీ సొంత డబ్బు కరిగి, ఆ కనీస మొత్తానికి చేరిన చోటే లిక్విడేషన్ ధర. ఫీజులు పక్కన పెడితే ఇక్కడ అది సుమారు 54,271 డాలర్లు.

మార్జిన్ రేషియో ఈ రెండు మొత్తాల నిష్పత్తి. బైనాన్స్‌లో కనీస మార్జిన్‌ని మిగిలిన డబ్బుతో భాగిస్తారు. అది పెరిగి 100 శాతానికి చేరితే పొజిషన్ పోతుంది. ఓకేఎక్స్‌లో భాగహారం తలకిందులు: అంకె ఎంత పెద్దదైతే అంత క్షేమం, తగ్గి 100కి చేరితే ప్రమాదం. రెండుచోట్లా ఖాతాలున్నవాళ్లు ముందుగా ఈ తేడా చూసుకోవాలి.

అసలు చిక్కు ఈ రేషియో నడకలోనే ఉంది. మన ఉదాహరణలో మొదట అది 5 శాతం. ధర 57,000కి పడి సగం డబ్బు పోయాక కూడా 9.5 శాతమే. 55,379 దగ్గర 20 శాతం. చూసేవాళ్లకి ఇంకా ఎంతో దూరం ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి అక్కడినుంచి మరో 2 శాతం పడితే చాలు, అంతా అయిపోతుంది. రేషియో 50 శాతం అయ్యేసరికి ధర 54,545, లిక్విడేషన్‌కి మిగిలింది 274 డాలర్లే. 80 శాతం దగ్గర 70 డాలర్లు కూడా ఉండవు. బిట్‌కాయిన్ ఆ దూరాన్ని కొన్ని సెకన్లలో దాటగలదు. అందుకే 50, 80 అంకెల మీద హెచ్చరికలు పెట్టుకోవడం నా దృష్టిలో పెట్టుకోకపోవడంతో సమానం.

హెచ్చరిక మెట్లు ధర దూరం మీద ఉండాలి. పైకి పెరుగుతుందని కొన్న పొజిషన్‌కి లెక్క ఇది:

```
distance = (markPrice - liquidationPrice) / markPrice * 100
```

ఇందులో మార్క్ ప్రైసే వాడాలి. లిక్విడేషన్‌ని నిర్ణయించేది చివరి లావాదేవీ ధర కాదు, చాలా ఎక్స్ఛేంజీల ధరల ఆధారంగా లెక్కించే ఈ మార్క్ ప్రైస్. లిక్విడేషన్ ధరని కూడా ప్రతిసారీ కొత్తగా తెచ్చుకోవాలి. ఫండింగ్ ఫీజు కోతలతో అది కొద్దికొద్దిగా జరుగుతుంది. ఖాతా మొత్తాన్నీ పూచీగా పెట్టే క్రాస్ మార్జిన్‌లోనైతే వేరే కాయిన్ నష్టంతోనూ దగ్గరికి వచ్చేస్తుంది.

మన పొజిషన్‌కి నేనైతే 6, 4, 2 శాతాల దగ్గర మూడు మెట్లు పెడతాను. ధరల్లో అవి సుమారు 57,735, 56,532, 55,379. బిట్‌కాయిన్ కంటే విపరీతంగా ఊగే చిన్న కాయిన్లకి ఈ దూరాలు ఇంకా పెద్దవిగా ఉండాలి. మొదటి మెట్టుకి ఫోన్‌లో మామూలు సందేశం చాలు: పొజిషన్ ఇంకా ఉంచుకోవాలా అని ఆలోచించే సమయం అది. రెండో మెట్టు దగ్గర పని జరగాలి. 200 డాలర్లు జోడిస్తే లిక్విడేషన్ ధర 52,261కి దిగుతుంది. కానీ ఆ 200 కూడా పోగొట్టుకునే అవకాశం ఉన్నట్టే. ఎంతవరకు జోడిస్తారో ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసి పెట్టుకోకపోతే, ఆ క్షణాన చేయి ఆగదు. మూడో మెట్టుకి నిద్ర లేపే మోత కావాలి.

ధర ఒక మెట్టు దగ్గర అటూఇటూ ఆడితే నిమిషానికో సందేశం వస్తుంది, విసుగొచ్చి ఫోన్ మూగబోయేలా చేస్తారు. ధర ఒక శాతం దూరం జరిగాకే ఆ మెట్టు హెచ్చరిక మళ్లీ సిద్ధమయ్యేలా పెట్టాలి. ఎక్స్ఛేంజీ నుంచి సమాచారం రావడం రెండు నిమిషాలు ఆగిపోతే దానికీ వేరే మోత ఉండాలి. పెద్ద పతనాల్లో సర్వర్లు మొరాయిస్తాయి. తెర మీద పాత ధరే ఉంటే ఏ మెట్టూ మోగదు. ఈ పనికి ఇచ్చే ఏపీఐ కీ చూడటానికి మాత్రమే పనికిరావాలి, డబ్బు తీసే అనుమతి దానికి ఉండకూడదు.

ఇన్ని చేసినా మనిషి లేవకపోవచ్చు. కాబట్టి చివరి మెట్టు కింద, 55,000 దగ్గర, మార్క్ ప్రైస్‌తో పనిచేసే స్టాప్ ఆర్డర్‌ని ముందే ఎక్స్ఛేంజీలో పెట్టి ఉంచాలి. అది సరిగ్గా అక్కడే అమ్ముడైతే 600లో ఫీజులు పోను 100 డాలర్ల లోపు మిగులుతుంది. పతనం మరీ వేగంగా ఉంటే ఆర్డర్ అంతకంటే తక్కువకి పూర్తవుతుంది, ఆ వంద కూడా మిగలకపోవచ్చు.