ఒకే కణం, నాలుగు దారులు

సహాయక టీ కణం సాధారణంగా తానుగా ఏ సూక్ష్మజీవినీ చంపదు. మిగతా రోగనిరోధక కణాలను పురమాయించి వాటిచేత పని చేయిస్తుంది. క్షయ క్రిమి వంటిది కణంలో దాక్కుంటే ఒక రకమైన దాడి కావాలి. పేగులో ఏలికపాము చేరితే మరో రకం కావాలి. నోటి పొర మీద ఫంగస్ పెరుగుతుంటే ఇంకో రకం అవసరం. రోజూ తినే అన్నం మీదా, పప్పు మీదా అసలు దాడే జరగకూడదు. ఈ నాలుగు పనులకు పుట్టుకతోనే నాలుగు రకాల కణాలు సిద్ధంగా ఉండవు. థైమస్ గ్రంథిలో తయారై బయటికి వచ్చే సహాయక టీ కణాల్లో ఎక్కువ భాగం ఇంకా ఏ పనీ నిర్ణయం కానివి. వీటినే నైవ్ టీ కణాలు అంటారు. అవి ఏ దారి పడతాయన్నది తర్వాత అందే రసాయన సంకేతాలను బట్టి ఉంటుంది.

నైవ్ టీ కణం రక్తానికీ లింఫ్ గ్రంథులకూ మధ్య తిరుగుతూ ఉంటుంది. ప్రతి కణం మీదా ఒక ప్రత్యేకమైన గ్రాహకం ఉంటుంది. అది గుర్తించగలిగే పదార్థం చాలా పరిమితం. అందువల్ల ఒక నిర్దిష్ట సూక్ష్మజీవి ముక్కను గుర్తుపట్టే నైవ్ కణాలు లక్షకో పది లక్షలకో ఒకటి చొప్పునే ఉంటాయి. చర్మంలోనో ఊపిరితిత్తుల్లోనో సూక్ష్మజీవిని పట్టుకున్న డెండ్రిటిక్ కణం దగ్గరలోని లింఫ్ గ్రంథికి చేరి, దాని ప్రొటీన్ ముక్కలను తన ఉపరితలం మీద నిలిపి చూపిస్తుంది. సరిపోయే గ్రాహకం ఉన్న టీ కణం అక్కడ ఆగుతుంది.

ఆ కలయికలో మూడు సంకేతాలు అందుతాయి. మొదటిది ఆ ప్రొటీన్ ముక్క. శత్రువు ఎవరో అది చెబుతుంది. రెండోది డెండ్రిటిక్ కణం మీద ఉండే తోడు అణువులు. ప్రమాదం నిజమైనదేనని అవి ధ్రువీకరిస్తాయి. ఇవి లేకుండా మొదటి సంకేతం ఒక్కటే అందితే టీ కణం స్పందించే శక్తిని కోల్పోతుంది. మూడోది సైటోకైన్లు. కణాలు ఒకదానికొకటి సమాచారం అందించుకోవడానికి వెలువరించే చిన్న ప్రొటీన్లు ఇవి. ఎలాంటి దాడి కావాలో చెప్పేది ఈ మూడో సంకేతమే. డెండ్రిటిక్ కణం తాను పట్టుకున్నది బ్యాక్టీరియానో ఫంగసో ముందే పసిగట్టి ఉంటుంది. దాన్నిబట్టే అది వెలువరించే సైటోకైన్ కూడా మారుతుంది. ఒకటి రెండు రోజుల్లో టీ కణం విభజన మొదలుపెట్టి వేల కణాలుగా పెరుగుతుంది. దాని దారి ఖరారయ్యేది ఈ దశలోనే.

ఒకే మూలం నుంచి వచ్చే సహాయక కణాల్లో వేర్వేరు రకాలుంటాయని 1986లో టిమ్ మోస్‌మన్, రాబర్ట్ కాఫ్‌మన్ బృందం ఎలుకల కణాల మీద చూపించింది. అవి వెలువరించే సైటోకైన్లను బట్టి టీహెచ్1, టీహెచ్2 అని పేర్లు పెట్టారు.

కణం లోపల దాక్కునే క్రిములు దొరికినప్పుడు డెండ్రిటిక్ కణం ఇంటర్‌ల్యూకిన్-12ను వెలువరిస్తుంది. అది టీ కణం గ్రాహకానికి తగలగానే లోపల స్టాట్-4 అనే ప్రొటీన్ మేల్కొని కేంద్రకంలోకి వెళ్తుంది. కణం ఇంటర్‌ఫెరాన్ గామాను తయారుచేయడం మొదలుపెడుతుంది. ఆ ఇంటర్‌ఫెరాన్ తిరిగి అదే కణం మీద పనిచేసి టి-బెట్ అనే నియంత్రక ప్రొటీన్‌ను పెంచుతుంది. టి-బెట్ మళ్లీ ఇంటర్‌ఫెరాన్ తయారీని పెంచుతుంది. ఇలా తనను తానే బలపరచుకుంటూ కణం టీహెచ్1గా స్థిరపడుతుంది. దాని ఇంటర్‌ఫెరాన్ అందుకున్న మాక్రోఫేజ్‌లు తాము మింగిన క్రిములను లోపలే చంపగలుగుతాయి. వాపుతో కూడిన ఈ దాడిలో పక్కనున్న కణజాలం కూడా కొంత దెబ్బతింటుంది.

నులిపురుగుల వల్లనో అలర్జీ కారకాల వల్లనో పొరల్లోని కణాలు దెబ్బతిన్నప్పుడు పరిస్థితి వేరు. అక్కడ ఇంటర్‌ల్యూకిన్-4 ప్రధానమవుతుంది. అది స్టాట్-6 ద్వారా గాటా-3 అనే నియంత్రకాన్ని పైకి తెస్తుంది. అలా ఏర్పడిన టీహెచ్2 కణం మూడు ముఖ్యమైన సంకేతాలను పంపుతుంది. ఇంటర్‌ల్యూకిన్-4 వల్ల బీ కణాలు ఐజీఈ ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-5 ఇయోసినోఫిల్ కణాలను పెంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-13 వల్ల జిగురు ఎక్కువగా ఊరి, పేగు కదలికలు పెరిగి, పురుగును బయటికి నెట్టడానికి వీలవుతుంది. పుప్పొడి లాంటి హానిలేని పదార్థం మీద ఇదే స్పందన వస్తే దాన్ని అలర్జీ అంటారు. ఉబ్బసంలో శ్వాసనాళాలను మూసే జిగురు వెనక కూడా ఈ ఇంటర్‌ల్యూకిన్-13 ఉంటుంది. టి-బెట్, గాటా-3 ఒకదాన్నొకటి అణచివేస్తాయి. అందుకే ఒక దారిలో ముందుకు పోయిన కణానికి రెండో దారి క్రమంగా మూసుకుపోతుంది.

ఈ రెండు దారుల తేడాను మనిషి శరీరంలో స్పష్టంగా చూపించే జబ్బు కుష్ఠు. ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా భారతదేశంలోనే ఉంటున్నాయి. దీనికి కారణమైన బ్యాక్టీరియాలో జన్యుపరమైన తేడాలు చాలా తక్కువ. ప్రపంచంలో ఎక్కడ తీసినా దాదాపు ఒకేలా ఉంటుంది. అయినా జబ్బు రెండు విరుద్ధ రూపాల్లో కనిపిస్తుంది. ట్యూబర్‌క్యులాయిడ్ రూపంలో స్పర్శ లేని మచ్చలు ఒకటో రెండో ఉంటాయి. చర్మం నుంచి తీసిన నమూనాలో బ్యాక్టీరియా దాదాపు కనిపించదు. లెప్రోమాటస్ రూపంలో ఒళ్లంతా మచ్చలు, బుడిపెలు వస్తాయి. నమూనా నిండా బ్యాక్టీరియా ఉంటుంది.

ఈ మచ్చల నుంచి తీసిన కణజాలాన్ని 1991లో రాబర్ట్ మాడ్లిన్ బృందం పరీక్షించింది. మొదటి రూపంలో ఇంటర్‌ఫెరాన్ గామా వంటి టీహెచ్1 సంకేతాలు, రెండో రూపంలో ఇంటర్‌ల్యూకిన్-4, 5, 10 ఎక్కువగా ఉన్నాయి. లెప్రోమాటస్ రోగి రక్తంలో ఆ బ్యాక్టీరియాకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుష్కలంగా ఉంటాయి. కానీ బ్యాక్టీరియా మాక్రోఫేజ్‌ల లోపల ఉంటుంది కాబట్టి అవి దాన్ని చేరలేవు. అంటే స్పందన లేక కాదు, పనికిరాని రకం స్పందన వల్ల ఆ రోగి ఓడిపోతున్నాడు.

అలాగని టీహెచ్1 స్పందన పూర్తిగా మేలే చేస్తుందనుకోకూడదు. ఈ రెండు రూపాలకూ మధ్యలో ఉండే రోగుల్లో, ఒక్కోసారి చికిత్స మొదలయ్యాక, టీహెచ్1 స్పందన హఠాత్తుగా పెరుగుతుంది. పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, నరాలు వాచి నొప్పి పెడతాయి. చేతి పట్టు తగ్గడం, పాదం వేలాడిపోవడం దీని గుర్తులు. ఆ వాపును ప్రెడ్నిసొలోన్‌తో వెంటనే తగ్గించకపోతే నరం శాశ్వతంగా దెబ్బతినవచ్చు. బ్యాక్టీరియాను చంపే మందులను మాత్రం ఆపకూడదు.

ఈ రెండు రకాలతో వివరించలేని విషయాలు చాలాకాలం మిగిలిపోయాయి. టీహెచ్1 వల్ల వస్తాయనుకున్న కొన్ని స్వయం రోగనిరోధక జబ్బులు ఇంటర్‌ఫెరాన్ గామా లేని ఎలుకల్లో తగ్గకపోగా ముదిరాయి. 2005 నాటికి దానికి కారణమైన మూడో రకం బయటపడింది. ఇంటర్‌ల్యూకిన్-17ను తయారుచేసే ఈ కణాలే టీహెచ్17. వీటి అసలు పని పేగు, చర్మం, నోరు వంటి పొరల రక్షణ. ఇవి న్యూట్రోఫిల్ కణాలను రప్పిస్తాయి. పొరలోని కణాల చేత సూక్ష్మజీవులను చంపే ప్రొటీన్లను తయారుచేయించి, ఆ కణాల మధ్య సందులను బిగిస్తాయి.

నాలుగో రకం నియంత్రక కణాలు, అంటే టీరెగ్. దాడిని ఆపడమే వీటి పని. ఇవి అణచివేసే సైటోకైన్లను వెలువరిస్తాయి. ఇతర టీ కణాల పెరుగుదలకు కావలసిన ఇంటర్‌ల్యూకిన్-2ను తామే పీల్చేసుకుంటాయి. డెండ్రిటిక్ కణం మీది తోడు అణువులను కూడా తగ్గిస్తాయి. వీటిలో కొన్ని థైమస్‌లోనే తయారవుతాయి. మిగతావి నైవ్ కణాల నుంచి, ముఖ్యంగా పేగులో, ఏర్పడతాయి. షిమోన్ సకాగుచి 1995లో వీటిని గుర్తించారు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వీటికి కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువును 2001లో వెలికితీశారు. ఈ ముగ్గురికీ 2025లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

కణజాలాన్ని రెచ్చగొట్టే టీహెచ్17కూ, శాంతింపజేసే టీరెగ్‌కూ మొదటి సంకేతం ఒక్కటే. అది టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్. అది తగిలిన కణంలో ఫాక్స్‌పీ3, టీహెచ్17 నియంత్రకమైన ఆర్‌ఓఆర్ గామా-టి రెండూ తలెత్తుతాయి. ఫాక్స్‌పీ3 వెళ్లి రెండోదాన్ని పట్టి ఆపుతుంది. చుట్టూ ప్రశాంతంగా ఉండి, ఇంటర్‌ల్యూకిన్-2 అందుతుంటే కణం టీరెగ్‌గా మారుతుంది. పేగులోని డెండ్రిటిక్ కణాలు విటమిన్-ఎ నుంచి తయారుచేసే రెటినోయిక్ ఆమ్లం కూడా అటే మొగ్గేలా చేస్తుంది. సూక్ష్మజీవి చొరబడి ఇంటర్‌ల్యూకిన్-6 పుట్టిందంటే పరిస్థితి తిరగబడుతుంది. అది స్టాట్-3 ద్వారా ఫాక్స్‌పీ3ని అణచి, ఆర్‌ఓఆర్ గామా-టికి అడ్డు తొలగిస్తుంది. కణం టీహెచ్17 అవుతుంది. ఆ తర్వాత అది నిలదొక్కుకోవడానికి ఇంటర్‌ల్యూకిన్-23 తోడ్పడుతుంది. పేగులో కోట్ల బ్యాక్టీరియాతో సహజీవనం సాగడం, చొరబాటు జరిగిన వెంటనే రక్షణ మొదలుకావడం ఈ ఏర్పాటు వల్లనే సాధ్యమవుతున్నాయి.

ఒక్కో దారి మూసుకుపోతే ఏమవుతుందో కొన్ని అరుదైన జన్యు లోపాలు చూపిస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-12 గ్రాహకం పనిచేయని పిల్లల్లో బీసీజీ టీకాలోని బలహీన బ్యాక్టీరియా కూడా ఒళ్లంతా వ్యాపించగలదు. సాల్మొనెల్లా ఇన్ఫెక్షన్లు తిరగబెడతాయి. ఇతర సూక్ష్మజీవులను మాత్రం వారు చాలావరకు తట్టుకుంటారు. స్టాట్-3 లోపం ఉన్నవారిలో టీహెచ్17 కణాలు తయారుకావు. వారికి నోట్లో కాండిడా ఫంగస్, చర్మం మీద స్టెఫైలోకాకస్ గడ్డలు పదే పదే వస్తాయి. ఫాక్స్‌పీ3 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి దాని లోపం మగశిశువులకు వస్తుంది. ఆగని విరేచనాలు, చిన్ననాడే టైప్-1 మధుమేహం, తీవ్రమైన ఎగ్జిమా దాని లక్షణాలు.

ఈ అవగాహన నుంచే కొత్త మందులు వచ్చాయి. ఇంటర్‌ల్యూకిన్-4, 13 సంకేతాలను ఒకేసారి అడ్డుకునే డూపిలుమాబ్‌ను తీవ్రమైన ఎగ్జిమాకూ ఉబ్బసానికీ వాడుతున్నారు. ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే సెకుకినుమాబ్ సోరియాసిస్‌లో బాగా పనిచేస్తుంది. అదే మందును పేగు వాపు జబ్బైన క్రోన్స్‌కు ప్రయత్నిస్తే మేలు జరగలేదు. కొందరిలో జబ్బు ముదిరింది. చర్మంలో హాని చేస్తున్న సైటోకైనే పేగులో పొరను కాపాడుతోందని దాంతో తేలింది. ఈ మందు వాడేవారిలో కాండిడా ఇన్ఫెక్షన్లు పెరగడానికీ అదే కారణం.

ఈ నాలుగు రకాలనూ పూర్తిగా గిరిగీసి విడదీయడం కుదరదు. బీ కణాలకు తోడ్పడే ఫాలిక్యులర్ సహాయక కణాల వంటి ఇతర రకాలూ ఉన్నాయి. ప్రయోగశాలలో ఎలుకల కణాలు చూపినంత స్పష్టమైన తేడాలు మనుషుల్లో అన్నిసార్లూ కనిపించవు. టీహెచ్17 కణాలు ఇంటర్‌ల్యూకిన్-12 ప్రభావంలో ఇంటర్‌ఫెరాన్ గామాను కూడా తయారుచేయగలవు. వాపు తీవ్రంగా ఉన్నచోట కొన్ని టీరెగ్ కణాలు ఫాక్స్‌పీ3ని కోల్పోతాయి. విభజన జరిగేకొద్దీ డీఎన్‌ఏ మీద పడే రసాయన గుర్తులు ఎంచుకున్న దారిని గట్టిపరుస్తాయి. ఆ గుర్తులు బలపడక ముందు మారే అవకాశం ఎక్కువ, బలపడ్డాక తక్కువ. అందుకే రోగి కణజాలంలో ఏ రకం కణాలున్నాయో తెలుసుకోవాలంటే ఒక్క సైటోకైన్‌ను కొలిస్తే సరిపోదు. కణాలు వెలువరించే సైటోకైన్లనూ, వాటి లోపలి నియంత్రక ప్రొటీన్లనూ కలిపి చూడాలి.