దేశానికో ధర, ఇంటికో ఖాతా

నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ ప్లాన్ ధర అమెరికాలో 2025 జనవరిలో నెలకి 17.99 డాలర్లయింది. రూపాయల్లోకి మారిస్తే పదిహేను వందల పైమాటే. అదే ప్లాన్ మనదేశంలో అప్పటికి 499 రూపాయలు. యాప్ అదే, రెండు తెరల మీద ఒకేసారి చూసే వీలూ అదే, సిరీస్‌లు కూడా చాలావరకు అవే. అమెరికాలో పెట్టే డబ్బులో మూడోవంతుకే ఇక్కడ ఎలా ఇస్తున్నారన్న ప్రశ్నకి అందరూ చెప్పే జవాబు కొనుగోలు శక్తి. ఆ జవాబు సగమే నిజం.

ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో దేశదేశాల ధరల్ని పోల్చే సర్వే ఒకటి జరుగుతుంది. 2021 సంవత్సరానికి వేసిన లెక్కలో, అమెరికాలో ఒక డాలరుతో దొరికే సరుకులు, సేవలు మనదేశంలో సుమారు 20 రూపాయలకి దొరుకుతాయని తేలింది. బ్యాంకులో డాలరు కొనాలంటే 80కి పైగా పెట్టాలి కానీ క్షవరానికో, ఇంటి అద్దెకో, బస్సు టికెట్‌కో ఇక్కడయ్యే ఖర్చు అంతకంటే చాలా తక్కువ. దీన్నే కొనుగోలు శక్తి సమానత అంటారు. ఈ కొలతతో 17.99 డాలర్లని మారిస్తే దాదాపు 360 రూపాయలు వస్తుంది. అంటే మనం కడుతున్న 499 ఈ లెక్కన చౌక కాదు, కాస్త ఎక్కువే. పైగా ఈ కొలత ధరల తేడాని సరిచేస్తుంది కానీ ఆదాయాల తేడాని సరిచేయదు. సమానత లెక్క ప్రకారమే ధర పెట్టినా, అమెరికా కుటుంబంతో పోలిస్తే మన కుటుంబానికి జీతంలో ఎక్కువ వాటా ఖర్చవుతుంది.

కాబట్టి కంపెనీలు ఈ పట్టికని చూస్తాయి కానీ దాని ప్రకారమే ధర పెట్టవు. ఇక్కడి ఇంట్లో టీవీ కోసం ఇప్పటికే ఎంత కడుతున్నారు అన్నదే అసలు గీటురాయి. 2019లో ట్రాయ్ కొత్త విధానం వచ్చినప్పుడు మొదటి వంద చానళ్లకి కేబుల్, డీటీహెచ్ కనీస రుసుము 130 రూపాయలుగా తేలింది, జీఎస్టీతో కలిపి 153. ఆ పక్కన నిలబడాల్సిన ధర ఇది.

నెట్‌ఫ్లిక్స్‌కి ఈ సంగతి వంటబట్టడానికి కొన్నేళ్లు పట్టింది. 2016 జనవరిలో మనదేశానికి వచ్చినప్పుడు పెట్టిన ధరలు 500, 650, 800. ఆనాటి అమెరికా ధరలు 7.99, 9.99, 11.99 డాలర్లు. అప్పటి మారకపు రేటుతో గుణించి చూడండి, ఇంచుమించు అవే అంకెలు వస్తాయి. అంటే అమెరికా ధరని రూపాయల్లో రాశారంతే. 2019 జులైలో ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో మాత్రమే చూసే మొబైల్ ప్లాన్‌ని 199కి తెచ్చారు. అసలు కోత 2021 డిసెంబర్‌లో పడింది. మొబైల్ 199 నుంచి 149కి, బేసిక్ 499 నుంచి 199కి, స్టాండర్డ్ 649 నుంచి 499కి, ప్రీమియం 799 నుంచి 649కి దిగాయి.

ఈ నాలుగింటిలో బేసిక్‌కి పడ్డ కోతే పెద్దది, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ అదే. వంద ఇళ్లు 499 చొప్పున కడుతుంటే నెలకి 49,900 వస్తుంది. ధర 199 అయ్యాక అంతే రావాలంటే 251 ఇళ్లు కావాలి. ఇక్కడితో అయిపోలేదు. 649 కట్టి స్టాండర్డ్ చూస్తున్న ఇల్లు, 199కే టీవీలో వస్తోందని తెలిశాక కిందికి దిగొచ్చు. అలా దిగిన ఒక్కో ఇంటికి 450 రూపాయలు పోతాయి, దాన్ని పూడ్చడానికి ముగ్గురు కొత్త బేసిక్ చందాదారులు కావాలి. అందుకే ధర తగ్గించే కంపెనీ కొత్తగా చేరినవాళ్లని లెక్కపెట్టి సంబరపడితే సరిపోదు. పాతవాళ్లు ఏ ప్లాన్‌లోంచి ఏ ప్లాన్‌లోకి జారుతున్నారో పక్కనే మరో కాగితం మీద రాసుకోవాలి.

ఫలితాన్ని కంపెనీయే 2023 ఏప్రిల్‌లో వాటాదారులకు రాసిన లేఖలో చెప్పింది. 2022లో మనదేశంలో వీక్షణ అంతకుముందు ఏడాదికంటే దాదాపు 30 శాతం పెరిగింది. మారకపు రేటు ప్రభావం తీసేసి చూస్తే 2021లో 19 శాతం ఉన్న ఆదాయ వృద్ధి 2022లో 24 శాతానికి చేరింది. ధరలు 20 నుంచి 60 శాతం కోసినా ఆదాయం పెరిగే వేగం తగ్గలేదు, పెరిగింది. ఇదంతా ధర ఒక్కదాని చలవే అనడం మాత్రం తొందరపాటు. 'ఆర్ఆర్ఆర్' హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాది మే నెలలోనే. సినిమాల బలం, ధరల బలం విడదీసి చూపే లెక్క బయటివాళ్ల చేతిలో లేదు. అయినా కంపెనీకి నమ్మకం కుదిరినట్టుంది. 2023 మొదటి మూడు నెలల్లో 116 దేశాల్లో ధరలు తగ్గించింది. అన్ని దేశాలు కలిపినా 2022 ఆదాయంలో వాటి వాటా 5 శాతం లోపే. పొరపాటైనా పెద్దగా మునిగేదేమీ లేని చోట పందెం కాశారన్నమాట.

ఇప్పుడు పంచుకోవడం దగ్గరికి వద్దాం. ధరల కోతకి దీనికి ఉన్న సంబంధమే ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. కోతకి ముందు ప్రీమియం 799 రూపాయలు, ఒకేసారి నాలుగు తెరలు. హాస్టల్లో నలుగురు స్నేహితులో, విజయవాడలో నాన్న, హైదరాబాద్‌లో అక్క, బెంగళూరులో తమ్ముడు, గుంటూరులో బాబాయో కలిసి తీసుకుంటే తలా 200 పడేది. అదే మనిషి సొంతంగా టీవీలో చూడాలంటే 499 కట్టాలి. సొంతానికి, వాటాకి తేడా 299 రూపాయలు. అంత తేడా ఉంటే ఎవరైనా పంచుకుంటారు. కోత తరవాత ప్రీమియం 649, తలా 162. సొంత బేసిక్ 199. తేడా 37 రూపాయలకి పడిపోయింది. నెలకి 37 రూపాయల కోసం ‘అక్కా, కోడ్ వచ్చిందా, చెప్పు’ అని ఫోన్ చేయడం, తమ్ముడు మర్చిపోయిన వాటా డబ్బులు గుర్తుచేయడం, నాలుగు తెరలూ నిండితే ఎవరో ఒకరు ఆపేదాకా కాచుకోవడం ఎంతమందికి ఇష్టం? తెరమీద బొమ్మ బేసిక్‌లో కాస్త తక్కువ స్పష్టతతో ఉంటుంది, నిజమే. కానీ పాస్‌వర్డ్ మీద పహరా పెట్టకముందే ధరల మెట్లే పంచుకోవడంలోని లాభాన్ని చాలావరకు కరిగించేశాయి.

ప్రపంచమంతటా పరిస్థితి ఇలా లేదు. 2022 ఏప్రిల్‌లో కంపెనీ ఇచ్చిన అంచనా ప్రకారం 22 కోట్ల పైచిలుకు ఇళ్లు డబ్బు కడుతుంటే, మరో 10 కోట్లకు పైగా ఇళ్లు ఎవరిదో ఖాతా వాడుకుంటున్నాయి. అందులో 3 కోట్లకు పైగా అమెరికా, కెనడాల్లోనే. ఇవి ఎక్కడున్నాయన్నది ఎన్ని ఉన్నాయన్నదాని కంటే ముఖ్యం. ఎందుకంటే 2024 చివరి మూడు నెలల్లో అమెరికా, కెనడాల్లో ఒక్కో చందాదారు నుంచి నెలకి సగటున 17.26 డాలర్లు వస్తే, మనం ఉన్న ఆసియా పసిఫిక్ ప్రాంతంలో 7.34 డాలర్లే వచ్చాయి. అక్కడ ఒక దొంగచాటు ఇంటిని చందాదారుగా మారిస్తే వచ్చేది ఇక్కడ ఇద్దరికి పైగా మారిస్తే వచ్చేదానితో సమానం.

అందుకే పహరా కూడా దేశాన్ని బట్టే ఉంది. 2023 మేలో అమెరికాలో మొదలుపెట్టినప్పుడు, వేరే ఇంట్లో ఉన్నవాళ్లని చేర్చుకోవాలంటే నెలకి 7.99 డాలర్లు అదనంగా కట్టే ఏర్పాటు చేశారు. అదే ఏడాది జులైలో మనదేశానికి, ఇండోనేషియాకి, కెన్యాకి వచ్చేసరికి ఆ ఏర్పాటు అసలు పెట్టలేదు. సొంత ఖాతా తీసుకోవాల్సిందే. ధరలు ఈమధ్యే తగ్గించామన్నది కంపెనీ చెప్పిన కారణం. లెక్క వేస్తే అది సబబుగానే ఉంది. సొంత బేసిక్ 199 అయినప్పుడు అదనపు సభ్యుడి రుసుము అంతకంటే బాగా తక్కువ ఉండాలి, అంత తక్కువకి ఇస్తే సొంత ఖాతా తీసుకునేవాడు కూడా అదనపు సభ్యుడిగానే ఉండిపోతాడు.

దేశాల మధ్య ధరల తేడా ఉన్నప్పుడు గోడ దూకేవాళ్లు ఉంటారు. డల్లాస్‌లో చదువుకునే అబ్బాయి అమ్మానాన్నల కార్డుతో ఇండియా ఖాతా తీసి అక్కడ చూడొచ్చు కదా అనిపిస్తుంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన ఉపాయమే. కొన్నాళ్లు నడుస్తుంది. కానీ చూపించే సినిమాల జాబితా ఖాతా తెరిచిన దేశాన్ని బట్టి కాక, మనిషి ఉన్న దేశాన్ని బట్టి మారుతుంది. ఇంటి టీవీ ఏ ఇంటర్నెట్ మీద నడుస్తోందో చూసి ఆ ఇంటిని గుర్తుపెట్టుకునే పద్ధతిలో, డల్లాస్‌లోని టీవీ అమ్మానాన్నల ఇంటి టీవీకి పరాయిదైపోతుంది. నిజంగా వేరే దేశానికి తరలిపోతే తప్ప ఖాతా దేశాన్ని మార్చరు. యూట్యూబ్ ఇంకాస్త కఠినంగా వెళ్లింది. 2024లో, చౌక దేశంలో చేరినట్టు చూపించి మరో దేశంలో వాడుతున్నవాళ్ల ప్రీమియం సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసింది. ఇలా దూకేవాళ్లు పెరిగితే నష్టపోయేది డల్లాస్ కుర్రాడు ఒక్కడే కాదు. చౌక ధర పెట్టిన దేశంలో ధర పెంచడం తప్ప కంపెనీకి దారి ఉండదు, ఆ భారం ఇక్కడ నిజంగా ఉన్నవాళ్ల మీద పడుతుంది. నేను ఆ ఉపాయాన్ని ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

దేశానికో ధర పెట్టడం వల్ల ఆదాయం ఎటునుంచి వస్తోందన్న చిత్రం ఎలా ఉంటుందో 2024 ఆఖరి లెక్కలు చూపిస్తాయి. 30 కోట్ల పైచిలుకు చందాదారుల్లో అమెరికా, కెనడాల వాటా 30 శాతం, ఆదాయంలో వాటా 44 శాతం. ఆసియా పసిఫిక్‌ది చందాదారుల్లో 19 శాతం, ఆదాయంలో 12 శాతం లోపు. ఈ రెండో ప్రాంతం వేగంగా పెరిగితే ఒక చిక్కు వస్తుంది. 17 డాలర్లు కట్టేవాళ్లు వందమంది, 7 డాలర్లు కట్టేవాళ్లు యాభైమంది ఉన్నారనుకోండి. ఆదాయం 2,050, తలకి సగటు 13.67. కింది వరసలో ఇంకో యాభైమంది చేరితే ఆదాయం 2,400కి పెరుగుతుంది, సగటు మాత్రం 12కి దిగుతుంది. ఎవరి ధరా తగ్గలేదు, ఎవరూ మానలేదు. అయినా సగటు ఒక్కటే చూసేవాడికి కంపెనీ బలహీనపడినట్టు కనిపిస్తుంది. ఆ కొత్త యాభైమంది కోసం సినిమా మళ్లీ తీయక్కర్లేదు కాబట్టి వచ్చే 350 డాలర్లలో చాలాభాగం మిగులే. సగటు పడిపోవడం చెడా మంచా అన్నది, పాత వందమంది తమ ధరలోనే ఉన్నారా, కిందికి జారారా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

2025 మొదటి త్రైమాసికం నుంచి నెట్‌ఫ్లిక్స్ చందాదారుల సంఖ్య, తలకి సగటు ఆదాయం ప్రతి మూడు నెలలకీ ప్రకటించడం మానేసింది. ప్రాంతాలవారీ ఆదాయం, మారకపు రేటు తీసేసిన వృద్ధి మాత్రం ఇస్తోంది. ఇకమీదట బయటినుంచి చూసేవాళ్లు కొత్తవాళ్లు ఎంతమంది, కిందికి జారినవాళ్లు ఎంతమంది అని విడదీయలేరు. ఆసియా పసిఫిక్ వృద్ధి శాతం అమెరికా వృద్ధి కంటే ముందుందా అన్న ఒక్క గుర్తు మీదే ఆధారపడాలి.