మొదటి మెసేజ్‌లో వీసా సంగతి

మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్. వయసు 26, నాలుగేళ్ల అనుభవం. 2025లో నెదర్లాండ్స్‌లోని ఒక కంపెనీకి అప్లై చేసి నాలుగు రౌండ్లు ఇంటర్వ్యూ ఇచ్చింది. మొత్తం ఐదు వారాలు పట్టింది. మధ్యలో రెండు రోజులు జ్వరమని ఆఫీసుకి సెలవు కూడా పెట్టింది. చివరి కాల్‌లో అవతలి ఆవిడ మాటల మధ్యలో అడిగింది, "మీకు ఇక్కడ పని చేసే పర్మిట్ ఉంది కదా?" అని. లేదని అక్క చెప్పగానే ఆ కాల్ రెండు నిమిషాల్లో అయిపోయింది. బయటి దేశం వాళ్లకి పర్మిట్ తీసుకునే వీలు ఆ కంపెనీకి అసలు లేదట.

"ముందే అడగొచ్చు కదే?" అంది పెద్దమ్మ.

"మొదటి మెసేజ్‌లోనే వీసా అంటే జవాబు ఇవ్వరేమో అనుకున్నానమ్మా" అంది అక్క.

మా సీనియర్లలో దీనికి సరిగ్గా ఉల్టా చేసేవాళ్లని కూడా చూశాను. "సర్, వీసా ఇస్తారా, టికెట్ ఇస్తారా, ఇల్లు చూపిస్తారా?" అని మొదటి లైన్‌లోనే అన్నీ అడిగేస్తారు. తామేం పని చేయగలరో మాత్రం రాయరు. అక్క సంగతి చూశాక నాకు అర్థమైంది ఏంటంటే, వీసా, రీలొకేషన్ రెండూ ఒకే ప్రశ్న కాదు. వీసా చట్టానికి సంబంధించింది. ఆ కంపెనీకి వీలుందా లేదా అన్నది మనం మెసేజ్ పెట్టకముందే తేలిపోయి ఉంటుంది. రీలొకేషన్ డబ్బుకి సంబంధించింది. మనం వాళ్లకి నచ్చాకే అది తేలుతుంది. అందుకే మొదటిది మొదటి మెసేజ్‌లో అడగాలి, రెండోది తర్వాత.

నెదర్లాండ్స్ సంగతే తీసుకుందాం. మనలాంటి వాళ్లు అక్కడ ఉద్యోగానికి వెళ్లేది ఎక్కువగా 'కెన్నిస్‌మిగ్రాంట్' పర్మిట్ మీద. నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగి అని దాని అర్థం. దీనికి మనం అప్లై చేయం, కంపెనీయే చేస్తుంది. అది కూడా ఐఎన్‌డీ అనే అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసు గుర్తింపు ఇచ్చిన కంపెనీ అయితేనే. అలా గుర్తింపు ఉన్న కంపెనీల లిస్టుని ఐఎన్‌డీ తన వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా పెడుతుంది. గూగుల్‌లో `IND public register recognised sponsors` అని కొడితే వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. అక్క వదులుకున్న ఐదు వారాల జవాబు ఆ పేజీలో ఉంది.

వెతికేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. లిస్టులో ఉండేది కంపెనీ రిజిస్టర్ అయిన పేరు. మనకి తెలిసింది యాప్ పేరో బ్రాండ్ పేరో. రెండూ వేరుగా ఉండొచ్చు. బ్రాండ్ పేరు కొట్టి దొరకలేదని వదిలేయకండి. వాళ్ల వెబ్‌సైట్ అడుగునో, ప్రైవసీ పాలసీలోనో 'బి.వి.' అని చివర ఉండే పేరు, దానితో పాటు కేవీకే నంబరు ఉంటాయి. కేవీకే అంటే అక్కడ కంపెనీలు రిజిస్టర్ అయ్యే చోటు. లిస్టులో కూడా పేరు పక్కన అదే నంబరు ఉంటుంది కాబట్టి పోల్చి చూసుకోవచ్చు.

ఇక్కడితో సగం జవాబే వచ్చింది. కంపెనీకి గుర్తింపు ఉన్నా, మనం చూస్తున్న పోస్టుకి వచ్చే జీతం పర్మిట్‌కి సరిపోవాలి. 2025లో 30 ఏళ్ల లోపు వాళ్లకి నెలకి కనీసం 4,171 యూరోలు ఉండాల్సి ఉండేది, ట్యాక్స్ కోతకి ముందు. ఈ అంకె ప్రతి జనవరిలో మారుతుంది. పైగా అక్కడ జీతంలో 8 శాతం 'హాలిడే అలవెన్స్' అని విడిగా ఇస్తారు, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు.

అక్క తర్వాత చూసిన ఒక యాడ్‌లో ఏడాదికి 52,000 నుంచి 60,000 యూరోలు అని ఉంది, హాలిడే అలవెన్స్‌తో కలిపి. 52,000ని 12తో భాగిస్తే 4,333 వస్తుంది, సరిపోయినట్టే అనిపిస్తుంది. కానీ ముందు ఆ 8 శాతం తీసేయాలి. అంటే 1.08తో భాగించి, తర్వాత 12తో భాగించాలి. అప్పుడు వచ్చేది 4,012. సరిపోదు. 2025 లెక్క ప్రకారం ఈ యాడ్‌లో పర్మిట్ రావాలంటే దాదాపు 54,100 యూరోలైనా ఉండాలి. అంటే పోస్టు అదే, కంపెనీ అదే, కానీ కింది అంకెకి ఒప్పుకుంటే పర్మిట్ రాదు.

ఈ రెండూ చూసుకున్నాక అడగాల్సింది ఒక్కటే మిగిలింది: చేయగలరని తెలుసు, ఈ పోస్టుకి చేస్తారా? అక్క ఇంగ్లీషులో పంపిన మెసేజ్ తెలుగులో ఇలా ఉంటుంది:

"నమస్తే. మీ పేమెంట్స్ టీమ్‌లోని బ్యాకెండ్ పోస్టు గురించి రాస్తున్నాను. నాలుగేళ్లుగా జావాలో పేమెంట్ సర్వీసులు రాస్తున్నాను. ప్రస్తుతం హైదరాబాద్‌లో ఉంటున్నాను, నాకు కెన్నిస్‌మిగ్రాంట్ పర్మిట్ కావాలి. మీ కంపెనీ ఐఎన్‌డీ లిస్టులో ఉందని చూశాను. ఈ పోస్టుకి నెదర్లాండ్స్ బయట నుంచి కూడా తీసుకుంటున్నారా? రెజ్యూమె జత చేశాను."

పని గురించి ముందు, వీసా తర్వాత. అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పగలిగే ప్రశ్న. "వీసా స్పాన్సర్ చేస్తారా?" అని ఊరికే అడిగితే రిక్రూటర్ ఇంకొకర్ని కనుక్కోవాల్సి రావచ్చు. ఇలా అడిగితే ఆయనకి తెలిసిన విషయమే అడిగినట్టు. ఫారంలో "ఇక్కడ పని చేసే హక్కు ఉందా?" అని ఉంటే లేదనే పెట్టండి. ఉందని పెట్టి లోపలికి వెళ్తే అక్క మొదటి కథే మళ్లీ జరుగుతుంది, పైగా అబద్ధం చెప్పిన పేరు కూడా మిగులుతుంది.

ఇక రీలొకేషన్. విమానం టికెట్, మొదటి నెల ఉండడానికి చోటు, సామాను ఖర్చు, ఇలా ఒక్కో కంపెనీ ఒక్కోలా ఇస్తుంది. కొన్ని మొత్తంగా కొంత డబ్బు ఇచ్చి ఊరుకుంటాయి. దీన్ని మొదటి ఫోన్ కాల్ చివర్లో "మీ రీలొకేషన్ ప్యాకేజీలో ఏమేం ఉంటాయి?" అని అడిగితే చాలు. బేరం ఆడాల్సింది ఆఫర్ వచ్చాకే. అప్పుడు కూడా కాంట్రాక్టులో ఒక లైన్ వెతకాలి: ఏడాదో రెండేళ్లో తిరక్కుండా మానేస్తే ఈ డబ్బు వెనక్కి కట్టాలా అని. చాలా చోట్ల కట్టాలనే ఉంటుంది.

ఇదే మెసేజ్‌ని వేరే దేశానికి కాపీ కొట్టకండి. జర్మనీలో ఐఎన్‌డీ లాంటి స్పాన్సర్ల లిస్టు లేదు. అక్కడ వీసాకి అప్లై చేసేది మనమే. కంపెనీ కాంట్రాక్టు ఇచ్చి, ఉద్యోగ వివరాల ఫారం నింపి ఇస్తుంది. "స్పాన్సర్ చేస్తారా?" అని రాస్తే చిన్న కంపెనీ వాళ్లు అదేదో పెద్ద ఖర్చు అనుకోవచ్చు. "యూరప్ బయట నుంచి ఇంతకుముందు ఎవరినైనా తీసుకున్నారా?" అని అడగడం నయం.

ఎవరైనా స్పాన్సర్‌షిప్ ఇప్పిస్తామని మన దగ్గరే డబ్బు అడిగితే, కంపెనీ అసలు పేరు అడిగి లిస్టులో చూడండి. పేరు చెప్పకపోతే ఇంక మాట్లాడక్కర్లేదు.

అక్క మెసేజ్‌కి మర్నాడే జవాబొచ్చింది. "ఈసారి ఇక్కడ ఉన్నవాళ్లనే తీసుకుంటున్నాం. ప్లాట్‌ఫాం టీమ్‌లో బయటివాళ్లకి కూడా ఒక పోస్టు ఉంది, చూస్తారా?" అని. ఆ పోస్టు జీతాన్ని 1.08తో భాగించి చూసుకుని, అప్పుడు సరే అంది. మొదటి రౌండ్ వచ్చే సోమవారం. ఈసారి సెలవు నిజంగానే లీవ్ అని చెప్పి పెట్టింది.