టీబీ మందు వాడినా తగ్గని జ్వరం

"ఇరవై ఆరేళ్ల యువకుడు, ఆటో డ్రైవర్. మూడు నెలలుగా సాయంత్రం పూట జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం..." హౌస్ సర్జన్ ఇంకా పూర్తి చేయకముందే వెనక వరసలోంచి ఎవరో "టీబీ" అనేశారు. ప్రొఫెసర్ మేడమ్ అటు చూసి, "కావొచ్చు. ఆ మాట ఇప్పటికే ఒక డాక్టర్ అన్నారు, మందులూ మొదలుపెట్టారు. మరి ఈ అబ్బాయి ఇక్కడెందుకు ఉన్నాడు?" అన్నారు.

తెలంగాణలో ఏ ప్రభుత్వ బోధనాసుపత్రిలోనైనా మెడికల్ వార్డు రౌండ్ కాస్త అటూ ఇటూగా ఇలాగే నడుస్తుంది. ఈ రోగి నిజమైన ఒక మనిషి కాదు. విద్యార్థులకు పాఠం చెప్పడానికి ఇలాంటి కేసులన్నిటినీ కలిపి అల్లిన ఉదాహరణ. అతని చుట్టూ సాగే ఆలోచన మాత్రం రోజూ జరిగేదే.

మేడమ్ ముందు చెమట సంగతి తేల్చమన్నారు. కరెంటు పోతే అందరికీ పట్టే చెమట వేరు, జబ్బు చెమట వేరు. అడిగితే ఆ అబ్బాయి, "లుంగీ పిండితే నీళ్లు కారతయి మేడమ్. దుప్పటి సుత మార్చాలె" అన్నాడు. తర్వాత బరువు. 68 కిలోల నుంచి 59కి వచ్చాడు, అంటే నూటికి పదమూడు వంతులు. "ఆకలి ఎట్లుంది బాబూ?" అని కూడా అడిగారు. బాగా తింటూ చిక్కిపోతే థైరాయిడ్‌నో షుగర్‌నో అనుమానించాలి. ఇతనికి ముద్ద దిగడం లేదు.

ఇక మూడు నెలలు అన్న మాటతోనే సగం జాబితా కొట్టేయొచ్చు. డెంగీ వారం పది రోజుల్లో అటో ఇటో తేలిపోతుంది. వైద్యం లేని టైఫాయిడ్ కూడా సాధారణంగా నెల దాటి ఇంతకాలం లాగదు. అయినా ఊళ్లో ఆర్‌ఎంపీ విడాల్ పరీక్ష చేయించి, పాజిటివ్ వచ్చిందని రెండుసార్లు టైఫాయిడ్ కోర్సు ఇచ్చాడు. మన ప్రాంతంలో విడాల్ ఒక్కదాన్నే నమ్మి టైఫాయిడ్ అనడం ఎంత అలవాటైపోయిందంటే, మొండి జ్వరాల్లో చాలావాటి ఫైళ్లలో మొదటి కాగితం అదే ఉంటుంది.

మిగిలినవాటిని మేడమ్ ఒక్కొక్కటిగా విద్యార్థులకు పంచారు. గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్ సోకిందేమో, మర్మర్ వినండి. ఇంట్లో గొర్రెలున్నాయా, పచ్చిపాలు తాగుతాడా అడగండి, బ్రూసెల్లా కావొచ్చు. అతని అనుమతి తీసుకుని హెచ్‌ఐవీ పరీక్ష పంపండి, అది తేలకుండా ఈ మూడు లక్షణాల మీద ఏ నిర్ణయమూ పూర్తి కాదు. గుండె శబ్దాలు మామూలుగానే ఉన్నాయి. గొర్రెలు లేవు. హెచ్‌ఐవీ నెగటివ్.

అప్పుడు మెడ దగ్గరికొచ్చారు. ఎడమవైపు, కాలర్ ఎముకకు పైన మూడు బిళ్లలు. పాత ఫైల్‌లో ఎఫ్‌ఎన్‌ఏసీ రిపోర్టు ఉంది. సన్నటి సూదితో బిళ్లలోంచి కొన్ని కణాలు లాగి చూసే పరీక్ష అది. "గ్రాన్యులోమాలు కనిపించాయి" అని రాశారు. గ్రాన్యులోమా అంటే శరీరం దేన్నో చుట్టుముట్టి కట్టిన కణాల గుంపు. మన దేశంలో మెడ బిళ్లలో అది కనిపిస్తే ఎక్కువసార్లు టీబీయే, మన పెద్దలు గండమాల అన్నది. కాబట్టి ఆ ప్రైవేటు డాక్టర్ టీబీ మందులు మొదలుపెట్టడం తప్పేమీ కాదు. ఏడు వారాలైంది. జ్వరం తగ్గలేదు, బిళ్లలు పెరిగాయి.

"టీబీ మందు వాడుతున్నా తగ్గలేదంటే ఎన్ని కారణాలు?" అని పీజీని అడిగారు మేడమ్. పాఠమంతా ఈ ప్రశ్న చుట్టూనే ఉంది. వచ్చిన జవాబులు నాలుగు.

మొదటిది, మందులు మింగడం లేదేమో. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. "మూత్రం ఏ రంగులొస్తుంది?" అంటే, "నారింజ రంగు మేడమ్, మొదట్ల భయపడ్డ" అన్నాడు. రిఫాంపిసిన్ పడినవాళ్లకు అలాగే వస్తుంది. మింగుతున్నాడన్నమాట.

రెండోది, మందులకు లొంగని టీబీ. బిళ్లలోంచి తీసిన ద్రవాన్ని సీబీనాట్‌కి పంపితే, టీబీ క్రిమి ఉందా, ఉంటే రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అన్నది కొన్ని గంటల్లో తెలుస్తుంది. ఇతనికి నెగటివ్ వచ్చింది. ఒక విద్యార్థి "అయితే టీబీ కాదు" అనబోతే మేడమ్ ఆపారు. బిళ్లల్లో క్రిములు చాలా తక్కువ ఉంటాయి, అందుకే నెగటివ్ రిపోర్టు టీబీని కొట్టేయదు.

మూడోది వినడానికి వింతగా ఉంటుంది. మందు సరిగ్గా పనిచేస్తున్నా కొందరిలో బిళ్లలు ముందు పెరుగుతాయి. చచ్చిన క్రిముల మీద శరీరం రెచ్చిపోవడం వల్ల వచ్చే వాపు అది. కాబట్టి బిళ్ల పెరిగిందన్న ఒక్క కారణంతో మందు మార్చకూడదు. కానీ అలాంటివాళ్లలో ఎక్కువమంది ఈపాటికి జ్వరం తగ్గి, తిండి తినడం మొదలుపెట్టి ఉంటారు. ఇతని బరువు ఇంకా పడిపోతూనే ఉంది.

నాలుగోది, అసలు టీబీ కాకపోవడం. మేడమ్ ఒక విద్యార్థిని చెయ్యి పట్టుకుని బిళ్ల మీద పెట్టారు. టీబీ బిళ్లలు తరచుగా ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉంటాయి, మెత్తబడి చీము పడతాయి. ఇవి విడివిడిగా, నొప్పి లేకుండా, నొక్కితే లబ్బరు బంతిలా ఉన్నాయి. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మధ్య భాగం వెడల్పయింది. ఒళ్లంతా దురద ఉందని అడిగాక చెప్పాడు. హాడ్కిన్ లింఫోమా అనే క్యాన్సర్ ఈ వయసువాళ్లకే ఎక్కువగా వస్తుంది. దాని బిళ్లలో కూడా గ్రాన్యులోమాలు కనిపించవచ్చు. సూది కొన్ని కణాలనే తెస్తుంది, వాటి అమరికను తేలేదు. మొదటి రిపోర్టు అబద్ధం కాదు, అసంపూర్ణం.

ఈ రెండు జబ్బులూ డాక్టర్లను తికమక పెట్టడం కొత్త కాదు. థామస్ హాడ్కిన్ 1832లో వర్ణించిన ఈ జబ్బులో పెద్ద పెద్ద కణాలుంటాయని 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బెర్గ్ చూపించాడు. చూపించి కూడా, ఇది టీబీలో ఒక రకమే అనుకున్నాడు. 1902లో అమెరికాలో డొరొతీ రీడ్ అనే యువ డాక్టర్ కాదు, ఇది వేరే జబ్బని వాదించింది. ఇప్పుడు ఆ కణాలకు ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

మేడమ్ ఆదేశం చిన్నది. బిళ్లను మొత్తంగా కోసి తీయండి, ఒక భాగం ఫార్మలిన్‌లో పాథాలజీకి, ఇంకో భాగం సెలైన్‌లో టీబీ కల్చర్‌కి, సీబీనాట్‌కి. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇక్కడే. మొత్తం ముక్కను ఫార్మలిన్‌లో పడేస్తే క్రిములు చనిపోతాయి, కల్చర్ చేసే దారి మూసుకుపోతుంది. రిపోర్టు వచ్చేదాకా స్టెరాయిడ్ ఇవ్వొద్దని కూడా గట్టిగా చెప్పారు. దాంతో జ్వరం దిగుతుంది, లింఫోమా బిళ్ల కూడా కరుగుతుంది, బయాప్సీలో ఏమీ తేలకుండా పోవచ్చు. ఆర్‌ఎంపీ సూది వేసినప్పుడల్లా రెండు రోజులు హాయిగా ఉండేదని ఈ అబ్బాయి చెప్పిన మాటకు అర్థం అదే కావొచ్చు. లివోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంకో రకంగా మోసం చేస్తుంది. అది టీబీ క్రిమినీ కొంత అణుస్తుంది కాబట్టి అసలు టీబీ ఉన్నవాళ్లలో అది బయటపడడం ఆలస్యమవుతుంది.

వారం తర్వాత పాథాలజీ రిపోర్టులో ఆ రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణాలు ఉన్నాయి. కల్చర్‌లో టీబీ క్రిమి పెరుగుతుందేమో తేలడానికి ఇంకా వారాలు పడుతుంది. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండడం కూడా చూస్తుంటారు కాబట్టి మేడమ్ ఆ ఫలితం కోసం కూడా చూస్తున్నారు. రెండు వారాలకోసారి ఇచ్చే కీమోథెరపీ కోసం ఆ అబ్బాయిని ఆంకాలజీకి పంపారు. యువకుల్లో ఈ క్యాన్సర్ ఎక్కువ మందికి పూర్తిగా నయమవుతుంది.

రెండు వారాలు దాటిన జ్వరానికీ దగ్గుకీ ప్రభుత్వాసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితం. వెళ్లేటప్పుడు అప్పటిదాకా వేయించుకున్న సూదుల చీటీలు, మింగిన మాత్రల అట్టలు, పాత స్లైడ్లు అన్నీ పట్టుకెళ్లండి. బిళ్ల కోసి తీస్తామంటే, ముక్క టీబీ కల్చర్‌కి కూడా వెళ్తుందా అని ఒక మాట అడగండి.