ఆస్పిరిన్ గ్రాఫులో రెండు లోయలు

అణువులోని రసాయన బంధాలు స్ప్రింగుల్లా ఊగుతుంటాయి. పరారుణ కిరణాలు పడితే, ప్రతి బంధమూ తన ఊపుకు సరిపోయే కిరణాలనే పీల్చుకుంటుంది. అలా పీల్చుకున్న చోట గ్రాఫులో గీత లోయలా కిందికి దిగుతుంది. దాన్నే శిఖరం అంటారు. అడ్డగీత మీద ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల సంఖ్య ఉంటుంది. ఎడమన 4000, కుడివైపుకు తగ్గుతూ 400. బంధం ఎంత బిగువైతే, దాని కొసన ఉన్న పరమాణువు ఎంత తేలికైతే శిఖరం అంత ఎడమకు జరుగుతుంది.

ఆస్పిరిన్ అణువులో కార్బన్, ఆక్సిజన్‌ల మధ్య ద్విబంధాలు రెండున్నాయి. ఎస్టర్ భాగంలోనిది 1750 దగ్గర, ఆమ్ల భాగంలోనిది 1690 దగ్గర కనిపిస్తాయి. దాని ముడిసరుకైన సాలిసిలిక్ ఆమ్లంలో ఎస్టర్ లేదు. ఉన్న ఒక్క ద్విబంధం 1660 దగ్గర పడుతుంది. అందుకే తయారీ తర్వాత 1750 దగ్గర లోతైన లోయ వస్తే చర్య జరిగినట్టే.

అయితే ముడిసరుకు కొద్దిగా మిగిలినా ఆ గ్రాఫు పట్టివ్వలేదు. నమూనా తడిగా ఉంటే 3400 దగ్గర వెడల్పాటి లోయ, 1640 దగ్గర చిన్నది వస్తాయి. అవి నీటివి, మందువి కావు.