సిగ్నల్ లేనిచోట జీపీఎస్ ట్రాకర్

జీపీఎస్ ట్రాకర్‌లో రెండు రేడియోలు ఉంటాయి. ఒకటి ఉపగ్రహాలు పంపేది వింటుందే తప్ప తిరిగి ఏమీ పంపదు. రెండోది మొబైల్ మాడ్యూల్. తానెక్కడ ఉన్నదీ టవర్ ద్వారా సర్వర్‌కు చేరవేస్తుంది. బ్యాటరీని ఎక్కువగా తాగేది జీపీఎస్ అని చాలామంది అనుకుంటారు. తరచి చూస్తే దోషం ఎక్కువగా రెండోదానిదే, అదీ సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు.

చౌకగా దొరికే 2జీ మాడ్యూల్ SIM800Lనే తీసుకుందాం. (జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్ దీనికి పనికిరాదు.) టవర్ దగ్గరగా ఉంటే తక్కువ శక్తితో మాట్లాడమని నెట్‌వర్కే దానికి చెబుతుంది. దూరమైతే పూర్తి శక్తితో, అంటే 2 వాట్ల దాకా ప్రసారం చేయాల్సి వస్తుంది. టవరే దొరకకపోతే అన్ని ఫ్రీక్వెన్సీలూ వెతుకుతూ కూర్చుంటుంది. శ్రీశైలం దారిలో నల్లమల అడవి దాటే లారీలో జరిగేది ఇదే.

2500 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న ట్రాకర్ 15 నిమిషాలకోసారి నిద్రలేచి లొకేషన్ పంపుతుందనుకుందాం. జీపీఎస్ 5 సెకన్లు పనిచేస్తూ 45 మిల్లీ ఆంపియర్లు, మాడ్యూల్ 25 సెకన్లు పనిచేస్తూ సగటున 100 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే, రోజు మొత్తానికి సుమారు 75 మిల్లీ ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. అంటే బ్యాటరీ నెల రోజులు వస్తుంది. అదే ట్రాకర్ టవర్ కోసం ప్రతిసారీ 2 నిమిషాలు వెతికితే రోజు ఖర్చు 330కి చేరి, బ్యాటరీ వారం రోజులకే ఖాళీ అవుతుంది. రెండు సందర్భాల్లోనూ జీపీఎస్ వాటా 6 మాత్రమే.

కాబట్టి మొదటి మందు, వెతకడానికి గడువు పెట్టడం. మాడ్యూల్‌ను AT+CSQ అని అడిగితే సిగ్నల్ బలాన్ని 0 నుంచి 31 దాకా ఒక అంకెతో చెబుతుంది.

```
AT+CSQ
+CSQ: 8,0
```

ఇక్కడి 8 అంటే −97 డీబీఎం. పదికి దిగువన కనెక్షన్ మీద నమ్మకం పెట్టుకోలేం. 99 వస్తే సిగ్నల్ తెలియదని అర్థం. నిమిషంలోపు నెట్‌వర్క్ దొరక్కపోతే మాడ్యూల్‌ను ఆపేసి, తర్వాతి ప్రయత్నాన్ని అరగంటకు, అదీ విఫలమైతే గంటకు, రెండు గంటలకు జరుపుకుంటూ పోవాలి.

ఈలోగా లొకేషన్లు పోకూడదు. సమయం, అక్షాంశం, రేఖాంశం, వేగం కలిపి ఒక్కో నమోదుకు 16 బైట్లు చాలు. ఒక మెగాబైట్ ఫ్లాష్ మెమరీలో 65 వేలకు పైగా పడతాయి. 15 నిమిషాలకొకటి చొప్పున ఏడాదిన్నర దాటి సరిపోతాయి. సర్వర్ నుంచి ‘అందింది’ అన్న జవాబు వచ్చేదాకా ఏ నమోదునూ చెరపకూడదు. ఇలా దాచుకోవడంలో ఇంకో లాభముంది. సిగ్నల్ బాగున్నా నాలుగు లొకేషన్లు పోగేసి గంటకోసారి పంపితే, పై లెక్కలోని 75 కాస్తా 25కు తగ్గుతుంది. వాహనం ఇప్పుడు ఎక్కడుందో ఆ క్షణానే తెలియాలనుకునేవారికి మాత్రం ఈ పద్ధతి కుదరదు.

జీపీఎస్‌కూ ఒక పేచీ ఉంది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి మళ్లీ మళ్లీ పంపుతుంది. అవి సుమారు 4 గంటలు పనికొస్తాయి. చిప్‌కు కరెంటు పూర్తిగా తీసేస్తే ఆ వివరాలు పోయి, ప్రతిసారీ అర నిమిషం మొదటి నుంచి వినాలి. బ్యాకప్ పిన్‌కు కొద్దిపాటి కరెంటు అందిస్తే కొన్ని సెకన్లలోనే లొకేషన్ దొరుకుతుంది. అయితే ప్రతిసారీ 5 సెకన్లకే ఆపేస్తే పాత వివరాలకు కాలం చెల్లుతుంది. అందుకే గంటా రెండు గంటలకోసారి అర నిమిషానికి పైగా మేలుకోనివ్వాలి. రేకుల షెడ్డు కింద ఎంతసేపు విన్నా ఫలితం ఉండకపోవచ్చు కనుక ఇక్కడా గడువు తప్పదు.

బలహీన సిగ్నల్ వల్ల వచ్చే మరో జబ్బును గుర్తుపట్టడం కష్టం. పూర్తి శక్తితో ప్రసారం చేసేటప్పుడు SIM800L 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, అదీ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు. సన్నని తీగల గుండా అంత కరెంటు పారేసరికి వోల్టేజీ పడిపోతుంది. 3.4 దాటి దిగిందంటే మాడ్యూల్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. మల్టీమీటర్ సగటునే చూపిస్తుంది కాబట్టి అందులో 3.9 అని నిక్షేపంగా కనిపిస్తుంది. టవర్ దగ్గర బాగా పనిచేసిన పరికరం ఊరు దాటగానే పదేపదే రీసెట్ అవుతుంటే అనుమానించాల్సింది దీన్నే. తీగలు పొట్టిగా, లావుగా వేసి, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే చాలావరకు నయమవుతుంది.

బ్యాటరీ చివరిదశకు వచ్చినప్పుడూ ఇదే చిక్కు. జీపీఎస్‌కు సరిపోయే వోల్టేజీ ప్రసారానికి చాలదు. 3.5 వోల్టులకు రాగానే పంపడం మానేసి మెమరీలో రాసుకోవడం మాత్రం కొనసాగించేలా ప్రోగ్రామ్ రాస్తే, చార్జింగ్ పెట్టాక మిగిలిన దారి కూడా సర్వర్‌కు చేరుతుంది.